లక్ష దాటిన పళ్ల వైద్యాన్ని విడతలుగా చేయించుకోవడం ఎలా?

ఒక పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన నోరంతా చూసి, ఎక్స్‌రే తీసి, ఏడెనిమిది పనులు రాసిన కాగితం చేతిలో పెడతారు. అడుగున లక్ష దాటిన మొత్తం కనిపిస్తుంది. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కొందరు అప్పు చేసి అన్నీ ఒకేసారి చేయించుకుంటారు. ఈ రెండూ అక్కర్లేదు. ఆ కాగితంలో ఈ వారమే జరగాల్సిన పని ఒకటో రెండో ఉంటుంది. కొన్ని నెలల్లో పూర్తి కావాల్సినవి మరికొన్ని ఉంటాయి. ఎప్పటికీ చేయించుకోకపోయినా నష్టం లేనివి కూడా అందులోనే కలిసి ఉంటాయి. డాక్టరు మోసం చేస్తున్నారని దీనర్థం కాదు. కనిపించినవన్నీ రాయడం ఆయన పని, వాటికి వరుస అడిగి తెలుసుకోవడం మీ పని.

ఆ వరుస ఎలా తేల్చుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రొద్దుటూరులో బట్టల దుకాణంలో పనిచేసే 48 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. ఆయనకు షుగరు ఉంది. చిన్నతనమంతా అనంతపురం జిల్లా పల్లెలో బోరు నీళ్లు తాగి పెరిగాడు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పంటి నొప్పితో క్లినిక్‌కు వెళ్తే 1,30,400 రూపాయల అంచనా ఇచ్చారు. అందులో పళ్లు శుభ్రం చేయడానికి 1,500, మూడు రూట్ కెనాల్‌లకు 13,500, వాటిపైన మూడు జిర్కోనియా క్యాపులకు 24,000, రెండు చిన్న పుచ్చులకు సిమెంటు 2,400, జ్ఞానదంతం తీయడానికి 6,000, తీయించేసిన పన్ను స్థానంలో ఇంప్లాంట్‌కు 35,000, ముందు ఆరు పళ్ల మచ్చలు కనిపించకుండా క్యాపులకు 48,000 రాశారు. ఇవి ఈ ఉదాహరణకు వేసుకున్న లెక్కలు. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండవచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు కాగితాన్ని సరిగా రాయించుకోండి

«మూడు రూట్ కెనాల్» అని రాస్తే చాలదు. ఏ పన్నుకు ఏ పని, దానికెంత అన్నది విడివిడిగా ఉండాలి. ప్రతి పన్నుకూ రెండంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె నోట్లో ఏ పావు భాగమో చెబుతుంది. మీ కుడి పైభాగం 1, ఎడమ పైభాగం 2, ఎడమ కింది భాగం 3, కుడి కింది భాగం 4. రెండో అంకె మధ్య నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 46 అంటే కుడివైపు కింద మధ్య నుంచి ఆరోది, నమలడానికి బాగా వాడే పెద్ద దంతం. 38 అంటే ఎడమవైపు కింద చిట్టచివరి జ్ఞానదంతం. ఈ సంఖ్యలు చేతిలో ఉంటే ఏ ఊరి డాక్టరుతోనైనా గందరగోళం లేకుండా మాట్లాడవచ్చు.

ఎక్స్‌రే కాపీ కూడా అడగండి. ఇప్పుడు చాలా చోట్ల కంప్యూటర్‌లోనే తీస్తారు కాబట్టి ఫోనుకు పంపమంటే పంపుతారు. డబ్బు కట్టింది మీరే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మన గుమాస్తా కాగితం ఇలా తేలింది. 46కు రాత్రి నొప్పి, చిగురు మీద చిన్న చీము పొక్కు. 25కు లోతైన పుచ్చు. 16కు ఎప్పుడో పెట్టించిన పెద్ద సిమెంటు, నొప్పి లేదు గానీ ఎక్స్‌రేలో వేరు చివర నల్లటి నీడ. 38 పక్కకు ఒరిగి సగమే బయటికి వచ్చింది. 36 నాలుగేళ్ల కిందటే తీయించేశారు.

విడతలు పనికిరాని పరిస్థితి

వరుస లెక్కలకు ముందు ఒకటి నిర్ధారించుకోవాలి. బుగ్గ గానీ దవడ కింద గానీ వాపు పెరుగుతూ జ్వరం వస్తున్నా, నోరు తెరవడం కష్టమవుతున్నా, మింగడానికి ఇబ్బందిగా ఉన్నా, నాలుక పైకి లేచినట్టు అనిపించినా, మాట ముద్దగా వస్తున్నా అది క్లినిక్ అపాయింట్‌మెంటు కోసం ఆగే విషయం కాదు. కింది పళ్ల చీము దవడ కిందికి, మెడలోకి దిగితే కొన్ని గంటల్లోనే శ్వాసకు అడ్డం పడవచ్చు. అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వాపు మీద బయట నుంచి వేడి కాపడం పెట్టకండి.

అంచనా కాగితంలో ఎప్పుడూ కనిపించనిది మరొకటి ఉంది. గుట్కా, వక్క, పొగాకు నమిలే అలవాటున్నవాళ్లకు నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉంటే, నోట్లోకి మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుపోతుంటే పళ్ల పనులన్నీ పక్కనపెట్టి ముందు అది చూపించుకోవాలి.

ప్రతి పనికీ ఒకే ప్రశ్న

ఈ రెండూ లేవనుకుంటే, కాగితంలోని ఒక్కో పంక్తి చూపించి డాక్టరును ఇలా అడగండి: «ఈ పని ఆరు నెలలు ఆపితే ఏమవుతుంది?» «ఇది అవసరమా» అని అడిగితే అవసరమనే అంటారు. ఆపితే ఏమవుతుందో అడిగితే పన్ను పోతుందో, ఖర్చు పెరుగుతుందో, ఏమీ కాదో చెప్పాల్సి వస్తుంది. నొప్పి ఎంత ఉందన్నది దీనికి కొలత కాదు. భరించలేని నొప్పి ఒక్కోసారి చిన్న పనితో పోతుంది. నొప్పే లేని పన్ను లోపల కుళ్లుతూ ఉండవచ్చు.

లోపలి నరం ఏ స్థితిలో ఉందో కొంతవరకు మీరే గమనించవచ్చు. చల్లటి నీళ్లు తగలగానే జివ్వుమని, రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే నరం బతికే ఉంది, కోలుకునే అవకాశం ఉంది. నీళ్లు మింగేశాక కూడా అర నిమిషం దాటి నొప్పి సాగినా, ఏమీ తగలకుండానే లేచినా, పడుకుంటే ఎక్కువైనా నరం దెబ్బతిన్నట్టే, అక్కడ రూట్ కెనాలో పన్ను తీయడమో తప్పదు. ఇక వారం రోజులు బాధపెట్టిన నొప్పి ఒక ఉదయం మాయమైతే సంతోషించకండి. చాలాసార్లు దానర్థం నరం చచ్చిపోయిందని, తర్వాత వచ్చేది చీము. నొప్పి తగ్గిందని నా దగ్గరికి రావడం మానేసి, మూడు నెలలకు వాపుతో తిరిగి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను.

మందుల షాపు యాంటీబయాటిక్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నరం వాపు వల్ల వచ్చే నొప్పికి అది పనిచేయదు. చీము పట్టిన పన్నుకైనా వాపును కొన్నాళ్లు అణచగలదు గానీ, పన్ను లోపల కుళ్లిన భాగాన్ని శుభ్రం చేయలేదు. ఆ మాత్రలతో పని వాయిదా వేయడం విడతల పద్ధతి కిందికి రాదు. నొప్పి పన్ను పక్కన చిగురు మీద ఆస్పిరిన్ మాత్ర నలిపి పెట్టుకోవడం మరీ ప్రమాదం. చిగురు తెల్లగా కాలిపోతుంది, నొప్పి అలాగే ఉంటుంది.

ఆ ప్రశ్నతో గుమాస్తా కాగితం చదివితే 46 మొదటి వరుసలోకి వస్తుంది, ఇందులో సందేహం లేదు. చిగురు మీది పొక్కు పగిలినప్పుడల్లా నొప్పి తగ్గుతుంది గానీ చీము పుట్టే చోటు పన్ను లోపలే ఉంది. 16కు నొప్పి లేదు. అయితే వేరు చివర నీడ ఉందంటే అక్కడ ఎముక కరుగుతోందన్నమాట. వారంలో కాకపోయినా రెండు మూడు నెలల్లో చేయించాలి, షుగరు ఉంది కాబట్టి ఏడాది ఆపకూడదు. 25కు చల్లదనం తగిలితే వెంటనే తగ్గే జివ్వుమనడం తప్ప వేరే బాధ లేదు. దీనికి రూట్ కెనాల్ రాశారు గానీ, ఇక్కడ ఇంకో దారి ఉండే వీలుంది. దాని సంగతి తర్వాత.

జ్ఞానదంతం ఇప్పటికి ఒక్కసారే వాచింది. పక్క పన్ను 37ను అది పుచ్చబెట్టలేదని ఎక్స్‌రేలో కనిపిస్తే ఆగవచ్చు. రెండోసారి వాస్తే, లేదా 37 మీద పుచ్చు మొదలైతే తీయించేయాలి. 36 ఖాళీ నాలుగేళ్లుగా ఉంది. ఎదుటి పై పన్ను కిందికి జారలేదు, పక్క పళ్లు ఒరగలేదు, నమలడానికి ఇబ్బంది లేదు. మరో ఏడాది ఆగినా నష్టం తక్కువ. నిజానికి షుగరు అదుపులోకి రాకముందు ఇంప్లాంట్ వేయించుకుంటే అది నిలబడే అవకాశం తగ్గుతుంది, కాబట్టి ఇక్కడ ఆగడమే మంచిది.

ఇక ముందు పళ్లు. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగినవాళ్లకు గోధుమరంగు చారలు పడతాయి. గార పళ్లంటే ఇవే. అవి పుచ్చు కాదు, పెరిగేవీ కావు. ఆ మచ్చలు మనసుకు బాధ కలిగించవచ్చు, దాన్ని తక్కువ చేయను. కానీ 48,000 రూపాయల ఆ పంక్తి వైద్యపరంగా చిట్టచివరిది. క్యాపు కోసం బాగున్న పన్నును అరగదీస్తే మళ్లీ పెరగదు. పైపైన ఉన్న మచ్చనైతే పన్నును అంతగా అరగదీయకుండా, పై పొరను సన్నగా రుద్ది తగ్గించే పద్ధతి ఉంది. అది ముందు అడిగి చూడాలి.

మధ్యలో ఆపదగిన చోటు, ఆపకూడని చోటు

డబ్బు విడతలుగా కట్టేవాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. రూట్ కెనాల్‌లో పన్ను తెరిచి, నరం తీసి, లోపల మందు పెట్టి, పైన తాత్కాలిక సిమెంటు వేస్తారు. ఆ రోజుతో నొప్పి పోతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకు మించి నమ్మదగింది కాదు. అది అరిగి, సందుల్లోంచి ఉమ్మి లోపలికి చేరితే మళ్లీ చీము పడుతుంది, చేసిన పని వృథా అవుతుంది. కాబట్టి మొదలుపెట్టిన రూట్ కెనాల్‌ను వేర్లు నింపి, పైన శాశ్వత సిమెంటు వేసేదాకా పూర్తిచేయించాలి. ఆ మొత్తం చేతిలో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. అంత డబ్బు లేకపోయినా నొప్పి ఆగకపోతే పన్ను తెరిపించుకోండి, అయితే మిగతా పనికి తేదీ అప్పుడే రాయించుకోండి.

ఆ తర్వాత క్యాపు దగ్గర కొంత వెసులుబాటు ఉంది. దవడ పళ్లకు క్యాపు అందం కోసం కాదు. రూట్ కెనాల్ చేసిన పన్ను అప్పటికే చాలా భాగం పోగొట్టుకుని ఉంటుంది, నమిలేటప్పుడు నిలువుగా చీలితే పీకడం తప్ప దారి ఉండదు. వేర్లు నింపాక రెండు మూడు వారాలు ఆగవచ్చు, నెలల తరబడి ఆగకూడదు. ఆ మధ్యలో గట్టి వేరుశనగలు, మటన్ ఎముకలు ఆ వైపు నమలకండి. డబ్బు తక్కువైతే క్యాపు మానేయడానికి బదులు క్యాపు రకం మార్చండి. నవ్వినప్పుడు కనిపించని 46 లాంటి పన్నుకు పూర్తి లోహపు క్యాపు గట్టిగానే పనిచేస్తుంది, ధర చాలా తక్కువ. ఎవరూ తమంతట తాము చెప్పరు, అడగాలి. నికెల్ పడనివాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

పళ్లు శుభ్రం చేయించుకోవడం అన్నిటికన్నా ముందుండాలి, చవక కూడా. చిగుళ్లు వాచి రక్తం కారుతున్నప్పుడు తీసిన క్యాపు కొలతలు సరిగా కూర్చోవు. శుభ్రం చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయం చాలామందిలో ఉంది. గట్టిపడ్డ పాచి కదిలే పళ్లను పట్టి ఉంచుతుంది, అది తీసేశాక అసలు పరిస్థితి బయటపడుతుంది. పళ్లను వదులు చేసింది కింద జరిగిన ఎముక నష్టమే.

రెండో అభిప్రాయం ఎప్పుడు, ఎక్కడ

ప్రతి పనికీ ఇది అక్కర్లేదు. 46 విషయంలో ఇంకొకరిని అడుగుతూ తిరిగితే రోజులు వృథా. వాపు ఉన్నప్పుడు, రూట్ కెనాల్ సగంలో ఉన్నప్పుడు కూడా డాక్టరును మార్చడం మంచిది కాదు. నొప్పి లేని పళ్లకు ఒకేసారి రెండు మూడు రూట్ కెనాల్‌లు రాసినప్పుడు, ఎక్స్‌రే లేకుండా లోతైన పుచ్చని చెప్పినప్పుడు, కదలని పళ్లు తీయించమన్నప్పుడు, పళ్లన్నీ తీసి ఇంప్లాంట్లు వేద్దామన్నప్పుడు, ఈ రోజే డబ్బు కడితే తగ్గిస్తామన్నప్పుడు తప్పక అడగండి.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కర్నూలు వాళ్లకు జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఉంది. అనంతపురం వాళ్లు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దంత విభాగంతో మొదలుపెట్టవచ్చు. కళాశాలలో చూసే అధ్యాపకులకు మీరు ఏ క్యాపు వేయించుకున్నా సొంత లాభం ఉండదు, అందుకే అభిప్రాయానికి అవి మంచి చోట్లు. వైద్యం కూడా అక్కడే చేయించుకుంటే చవక, కానీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు రావాలి, ఎక్కువసేపు కూర్చోవాలి. రోజు కూలీ పోయేవాళ్లు ఆ నష్టాన్ని, బస్సు చార్జీలను కూడా లెక్కలో వేసుకోవాలి.

వెళ్లినప్పుడు మొదటి అంచనా కాగితం వెంటనే చూపించకండి. ఎక్స్‌రే ఇచ్చి, మీ బాధ చెప్పి, «ఏ పన్నుకు ఏం కావాలి?» అని అడగండి. ముందే కాగితం చూపిస్తే తెలియకుండానే దాని మీద వ్యాఖ్యానం మొదలవుతుంది. ఆయన చెప్పడం అయ్యాక రెండింటిలో తేడా ఉన్న పన్ను దగ్గర ఆగి, «ఎక్స్‌రేలో అది ఎక్కడ కనిపిస్తోంది? చల్లదనం పరీక్షలో ఏం తేలింది?» అని అడగండి. కారణం చూపించగలిగిన మాటకే విలువ ఇవ్వండి, చవకగా చెప్పిన మాటకు కాదు. ఎక్స్‌రే చూడకుండా «ఏమీ అక్కర్లేదు» అనడం కూడా అభిప్రాయం కాదు. ఫోన్లో నాలుగు క్లినిక్‌ల ధరలు కనుక్కోవడం అసలే కాదు. ఇంటికొచ్చి ఒకే పూటలో చవకగా కదలని పళ్లు కడతామనే అర్హత లేనివాళ్ల జోలికి పోకండి. పక్క పళ్లకు అంటించిన ఆ ప్లాస్టిక్ కింద చిగురు కుళ్లి, బాగున్న పళ్లు కూడా పోతాయి.

గుమాస్తాకు రెండో అభిప్రాయం ఉపయోగపడింది 25 దగ్గర. నరం బతికే ఉందని పరీక్షలో తేలింది. నరానికి మరీ దగ్గరగా ఉన్న చోట గీకకుండా వదిలి, మందు పొర వేసి, పైన సిమెంటు గట్టిగా మూసి కొన్ని నెలలు గమనిద్దామన్నారు. ఈ పద్ధతి ఖాయంగా నిలుస్తుందని హామీ లేదు. నిలవకపోతే అప్పుడు రూట్ కెనాల్, క్యాపు కలిపి మరో 7,500 పడుతుంది. 16కు మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పారు, దానితో అనుమానం తీరింది.

చివరికి లెక్క

మొదటి వారంలో శుభ్రం చేయడం 1,500, 46 రూట్ కెనాల్ 4,500, మొత్తం 6,000. తర్వాతి నెలలో 46కు లోహపు క్యాపు 3,000, రెండు చిన్న పుచ్చులకు 2,400, 25కు మందు పొరతో సిమెంటు 1,500, కలిపి 6,900. మూడో నెలలో 16కు రూట్ కెనాల్, లోహపు క్యాపు 7,500. మూడు నెలల్లో మొత్తం 20,400. జ్ఞానదంతానికి 6,000, అవసరం పడితే 25కు 7,500 విడిగా పెట్టుకుంటే సరిపోతుంది. ఇంప్లాంట్, ముందు పళ్ల క్యాపులు కలిపి 83,000 ఇప్పటికి పక్కకు వెళ్లాయి. ఆరోగ్య బీమా ఉందని దీని మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదంలో పళ్లు దెబ్బతిన్నప్పుడు తప్ప మామూలు పళ్ల వైద్యానికి చాలా పాలసీలు డబ్బివ్వవు.

ఈ లెక్క డాక్టరుకు చూపించి, తేదీలతో సహా ఆయన చేతే రాయించుకోండి. షుగరు మూడు నెలల సగటు పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లండి. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, పళ్ల పని కోసం సొంతంగా మాత్రం ఆపకండి.

పక్కన పెట్టిన పనులు ముందుకు రావాల్సిన సూచనలు కాగితం వెనకే రాసుకోండి. 25 చల్లదనం తగిలాక అర నిమిషం దాటి లాగుతుంటే, 38 చుట్టూ చిగురు రెండోసారి వాస్తే, 36 ఖాళీకి ఎదురుగా ఉన్న పై పన్ను కిందికి దిగి అన్నం నమిలేటప్పుడు చిగురుకు తగులుతుంటే అపాయింట్‌మెంటు తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా ఆరు నెలలకు ఒకసారి వెళ్లి 25కు, 16కు కొత్త ఎక్స్‌రే తీయించి పాతదాని పక్కన పెట్టి చూడమనండి. 16 వేరు చివర నల్లటి నీడ చిన్నదవుతుంటే ఎముక తిరిగి నిండుతోందని అర్థం. అది పూర్తిగా నిండడానికి ఏడాది పైనే పట్టవచ్చు.